ఈమెయిల్ సిగ్నేచర్‌లో తప్పు హోదా, తలోరకం ఫోన్ నంబర్లు, ఒంటరి కామాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసు మెయిల్ వ్యవహారాలు చూసే పనిలో నన్ను ఎక్కువగా ఆపి అడిగేది సర్వర్ గురించి కాదు, సిగ్నేచర్ గురించి. "నా హోదా మారి ఆర్నెల్లయింది, ఇంకా పాతదే పోతోంది" అని ఒకరు, "ఈ గీత ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఇంకొకరు అడుగుతారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఉదాహరణల్లోని ఫోన్ నంబర్లు బ్రిటన్‌లో నాటకాలు, సినిమాల కోసం పక్కన పెట్టినవి. వాటికి ఫోన్ చేసినా ఎవరూ ఎత్తరు.

## తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు

సిగ్నేచర్ మార్చేశాను. అయినా అవతలివాళ్లకి పాత హోదానే వెళ్తోంది. ఎందుకు?

మీరు మార్చింది ఒక కాపీని. మీ సిగ్నేచర్‌కి కాపీలు మూడో నాలుగో ఉంటాయి. ఔట్‌లుక్‌లో కొత్త మెయిల్‌కి ఒక సిగ్నేచర్, రిప్లైకి, ఫార్వర్డ్‌కి ఇంకొకటి ఎంచుకునే వీలుంది. చాలామంది మొదటిది మార్చి రెండోదాన్ని మరిచిపోతారు. ఫోన్‌లోని మెయిల్ యాప్‌కి దాని సొంత సిగ్నేచర్ ఉంటుంది, అది కంప్యూటర్‌ని చూసి మారదు. వీటన్నిటి పైన కంపెనీ సర్వర్ కూడా ప్రతి మెయిల్ అడుగున తనవంతు ఒకటి అంటించి పంపుతూ ఉండొచ్చు. అది మీ స్క్రీన్ మీద కనిపించదు, అందుకున్నవాళ్లకే కనిపిస్తుంది.

పట్టుకోవడం తేలికే. బయట ఉన్న మీ సొంత మెయిల్ అడ్రసుకి నాలుగు మెయిళ్లు పంపండి: కంప్యూటర్ నుంచి ఒక కొత్త మెయిల్, ఒక రిప్లై, ఫోన్ నుంచి ఒక కొత్త మెయిల్, ఒక రిప్లై. బ్రౌజర్‌లో కూడా మెయిల్ చూసే అలవాటుంటే అక్కడి నుంచి ఇంకొకటి. ప్రతి మెయిల్ సబ్జెక్టులో ఎక్కడి నుంచి పంపారో రాయండి. వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కాపీ పాతదో తెలిసిపోతుంది. పంపిన మెయిళ్ల ఫోల్డర్‌లో చూసి సరిపెట్టుకోవద్దు. సర్వర్ అంటించేది అందులో ఉండదు.

కొందరికి రిప్లై ఇచ్చినప్పుడు మాత్రమే పాత సిగ్నేచర్ పోతోంది. నా సెట్టింగుల్లో అన్నీ కొత్తవే ఉన్నాయి మరి?

ఆ కొందరు మెయిళ్లను రంగులూ బొమ్మలూ లేని సాదా టెక్స్ట్‌లో పంపేవాళ్లు అయుంటారు. విండోస్‌లోని పాత తరహా ఔట్‌లుక్ ఒక్కో సిగ్నేచర్‌ని మూడు ఫైళ్లుగా దాస్తుంది: `.htm`, `.rtf`, `.txt`. ఇవి ఈ ఫోల్డర్‌లో ఉంటాయి:

```
%APPDATA%\Microsoft\Signatures
```

మామూలు మెయిల్‌కి `.htm` వాడుతుంది, సాదా టెక్స్ట్ మెయిల్‌కి రిప్లై ఇస్తే `.txt` తీసుకుంటుంది. ఔట్‌లుక్ లోపలి నుంచే మారిస్తే మూడూ కలిసి మారతాయి. ఎవరైనా స్క్రిప్టుతో `.htm` ఒక్కటే పంచిపెట్టినా, చేత్తో దాన్నొక్కదాన్నే దిద్దినా మిగతా రెండూ పాతవే ఉండిపోతాయి. నేనే ఒకసారి ఇలా అందరికీ కొత్త `.htm` పంచి, పని అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక సప్లయర్ పంపిన మెయిల్ గొలుసులో మా మనిషి పాత హోదా చూసి నాలుక్కరుచుకున్నాను. ఆ సప్లయర్ సిస్టమ్ సాదా టెక్స్ట్‌లోనే మెయిళ్లు పంపుతుంది.

ఫోల్డర్ తెరిచి `.txt` ఫైలుని నోట్‌ప్యాడ్‌లో చూడండి. పాతదుంటే ఔట్‌లుక్ సిగ్నేచర్ ఎడిటర్‌లోకి వెళ్లి ఒక చిన్న మార్పు చేసి సేవ్ చేస్తే మూడూ మళ్లీ తయారవుతాయి. ఒక మెలిక ఉంది. ఇప్పటి మైక్రోసాఫ్ట్ 365 ఖాతాల్లో సిగ్నేచర్ మెయిల్‌బాక్సులోనే, అంటే క్లౌడ్‌లో, ఉండే అవకాశం ఉంది. అలాంటప్పుడు ఫోల్డర్‌లో చేత్తో దిద్దింది నిలవకపోవచ్చు, కాబట్టి ఎడిటర్ నుంచే మార్చాలి.

ఇప్పటికే వెళ్లిపోయిన మెయిళ్లలో తప్పు హోదాని సరిచేయొచ్చా?

కుదరదు. అవి అవతలివాళ్ల మెయిల్‌బాక్సులో ఉన్నాయి. ఆ హోదా వల్ల ఎవరైనా పొరబడే అవకాశం నిజంగా ఉంటే, ఉదాహరణకి మీకు లేని ఆమోదాధికారం ఉన్నట్టు కనిపించి ఉంటే, ఆ సంభాషణలోనే "నా హోదా ఫలానా, కింద ఉన్నది పాతది" అని ఒక వాక్యం రాయండి. లేకపోతే వదిలేయండి.

## హోదా రాసేటప్పుడు

హెచ్‌ఆర్ రికార్డులో ఒక హోదా, విజిటింగ్ కార్డు మీద ఇంకొకటి ఉంది. సిగ్నేచర్‌లో ఏది రాయాలి?

ముందు ఆ రెండూ ఎందుకు వేరయ్యాయో చూడాలి. హెచ్‌ఆర్ రికార్డులో ఉండేది చాలాసార్లు జీతాల గ్రేడుకి సంబంధించిన పేరు: `Manager II - Operations` లాంటిది. బయటివాళ్లకి అందులోని `II` తో పనిలేదు. కార్డు మీద ఉండేది పని పేరు. ఈ రెండూ వేరుగా ఉండటంలో తప్పులేదు. అయితే పని పేరుని ఎవరో ఒకరు ఆమోదించి ఉండాలి, అది ఒకచోట రాసి ఉండాలి. మనిషి తనకు తోచినట్టు పెట్టుకున్న పేరు కార్డు మీదికీ, అక్కడి నుంచి సిగ్నేచర్‌లోకీ ఎక్కినప్పుడే తంటా.

నేను పాటించే పద్ధతి చెప్తాను. బయటికి కనిపించే హోదాకి కంపెనీ డైరెక్టరీలో `title` అనే గడి ఉంటుంది. అదే అసలు. గ్రేడు పేరు హెచ్‌ఆర్ సిస్టమ్‌లోనే ఉండనివ్వాలి. హెచ్‌ఆర్ సిస్టమ్ నుంచి డైరెక్టరీకి సమాచారం తనంతట తాను వస్తూ ఉంటే ఏ గడి ఏ గడిలోకి వెళ్తోందో ఒకసారి అడిగి తెలుసుకోండి. మీరు `title` ఎంత దిద్దినా, రాత్రికి రాత్రి గ్రేడు పేరు మళ్లీ వచ్చి కూర్చుంటోందంటే ఆ సింకే కారణం. అప్పుడు దిద్దాల్సింది డైరెక్టరీని కాదు, సమాచారం మొదలయ్యే చోటుని.

ప్రమోషన్ ఖాయమన్నారు, ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడే మార్చుకోవచ్చా?

వద్దు. ఆర్డరులో ఏ తేదీ నుంచి అని ఉంటుందో ఆ తేదీనే మార్చండి. మొహమాటం కోసం చెప్పే మాట కాదిది. బయటివాళ్లు మీ హోదా చూసి మీరు ఒప్పుకోగలిగినవేంటో, ఒప్పుకోలేనివేంటో అంచనా వేసుకుంటారు. "హెడ్" అని ఉన్న సిగ్నేచర్ కింద "సరే, ముందుకెళ్లండి" అని రాస్తే దాన్ని కంపెనీ మాటగా తీసుకునేవాళ్లుంటారు.

తాత్కాలికంగా బాధ్యత చూస్తున్నవాళ్లది ఇంకో రకం చిక్కు. పైవాళ్లు సెలవులో ఉన్నారని వాళ్ల హోదా తెచ్చి పెట్టుకోకూడదు. సొంత హోదా అలాగే ఉంచి, రెండో లైనులో "ఇన్‌ఛార్జి, కొనుగోళ్లు" అని రాసుకోవచ్చు. ఆ రోజే క్యాలెండర్‌లో ముగింపు తేదీకి ఒక రిమైండర్ పెట్టుకోండి. పెట్టుకునేటప్పుడున్న ఉత్సాహం తీసేసేటప్పుడు ఎవరికీ ఉండదు. నేను చూసిన తప్పు హోదాల్లో చాలా వరకు అబద్ధాలు కావు, గడువు దాటిన నిజాలు.

`Asst. Mgr`, `Asst Manager`, `Assistant Manager`... అర్థం ఒకటే కదా, ఏం నష్టం?

చదివే మనిషికి నష్టం లేదు. కానీ ఒకే బృందంలోని ముగ్గురి మెయిళ్లు ఒకే గొలుసులో మూడు రకాలుగా కనిపిస్తే ముగ్గురివీ వేర్వేరు ఉద్యోగాలేమో అనిపిస్తుంది. డైరెక్టరీలో వెతికేటప్పుడు కూడా ఒకటి దొరికితే మిగతా రెండూ దొరకవు. చోటు మిగల్చడం తప్ప పొట్టి రూపాల వల్ల సిగ్నేచర్‌లో ఒరిగేదేమీ లేదు, ఇక్కడ చోటుకి కరువూ లేదు. పూర్తిగా రాయడమే మేలు. పైగా `Asst.` తర్వాత చుక్క పెట్టాలా వద్దా అన్న రెండో తగువు కూడా దాంతోనే తీరిపోతుంది.

## ఫోన్ నంబరు రాసేటప్పుడు

నంబరుని ఏ పద్ధతిలో రాయాలి? ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తున్నారు.

దీనికి ఎప్పటి నుంచో ఒక ప్రమాణం ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన ఇ.123 అనే సిఫార్సు నంబరుని కాగితం మీద, స్క్రీన్ మీద ఎలా రాయాలో చెబుతుంది. ముందు ప్లస్ గుర్తు, వెంటనే దేశ కోడ్, తర్వాత మిగతా అంకెలు. మధ్యలో విడదీయడానికి ఖాళీ వాడాలి.

```
+44 20 7946 0958
```

ఇదే యూనియన్ ఇచ్చిన ఇ.164 అనే ఇంకో సిఫార్సు ప్రకారం దేశ కోడ్‌తో కలిపి మొత్తం 15 అంకెలు మించకూడదు. మీ జాబితాలో అంతకన్నా పొడవైనది కనిపిస్తే అందులో రెండు నంబర్లు అతుక్కుని ఉండొచ్చు, లేదా ఎక్స్‌టెన్షన్ కలిసిపోయి ఉండొచ్చు.

అంకెల్ని ఎక్కడ విడగొట్టాలన్నది మీ దేశంలో జనం నంబరు ఎలా చదువుతారో అలా పెట్టుకోండి. అందరూ ఒకేలా విడగొట్టడం ముఖ్యం. డ్యాష్, చుక్క, ఖాళీ ఈ మూడిట్లో ఏది అందం అని మీటింగుల్లో అరగంట వాదించుకోవడం చూశాను. ఖాళీ అని ప్రమాణమే చెప్తోంది కాబట్టి ఆ వాదన అక్కడితో ముగించొచ్చు.

`+44 (0)20 7946 0958` అని బ్రాకెట్లో సున్నా పెడుతున్నారు. అది ఉండాలా?

తీసేయండి. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే: దేశంలోపల నుంచి చేసేవాళ్లు సున్నా కొట్టాలి, బయటి నుంచి చేసేవాళ్లు కొట్టకూడదు. కానీ ఆ నియమం తెలియని మనిషి అన్ని అంకెలూ వరసగా కొడతాడు, కాల్ కలవదు. ప్లస్‌తో రాసే నంబరులో బ్రాకెట్లు వాడొద్దని ఇ.123 చెబుతుంది. ప్లస్‌తో రాసిన నంబరు దేశంలోపలి నుంచి కూడా మొబైల్‌లో మామూలుగా కలుస్తుంది కాబట్టి రెండు రూపాలూ ఒకేచోట ఇరికించే అవసరమే లేదు.

అయితే "దేశ కోడ్ తర్వాత సున్నా ఉంటే తీసేయ్" అని కళ్లు మూసుకుని అందరి నంబర్ల మీదా ఒకే ఆదేశం నడపొద్దు. ఇటలీ ల్యాండ్‌లైన్లలో ముందుండే సున్నా నంబరులో భాగమే. రోమ్ నంబరు `+39 06` అనే మొదలవుతుంది. అక్కడ సున్నా తీస్తే నంబరే చెడిపోతుంది.

రెండు నంబర్లు స్లాష్‌తో పక్కపక్కన రాస్తే ఏమవుతుంది?

కాగితం మీద ఏమీ కాదు. ఫోన్‌లో మెయిల్ చదివేవాళ్లకి ఇబ్బంది. మెయిల్ యాప్ అంకెల వరస చూసి ఇది ఫోన్ నంబరు అని తనంతట తాను లింకు చేస్తుంది. `07700 900123/124` అని రాస్తే అది మొదటి నంబరు, దాని చివరి మూడంకెలు మారిస్తే రెండోది అని మనిషికి అర్థమవుతుంది, యాప్‌కి కాదు. ఒక్కో నంబరునీ పూర్తిగా, ఒక్కో లైనులో రాయండి.

అసలు రెండు నంబర్లు అవసరమా అన్నది కూడా అడగండి. డెస్క్ ఫోన్ ఎత్తడం మానేసి ఏళ్లయినవాళ్ల సిగ్నేచర్లలో కూడా ఆ నంబరు మొదట ఉంటుంది.

నంబరు సరిగ్గానే కనిపిస్తోంది. దాన్ని నొక్కితే మాత్రం పాత నంబరుకి కాల్ పోతోంది!

లింకు ఉన్న నంబరులో రెండు భాగాలుంటాయి: కంటికి కనిపించేది ఒకటి, నొక్కితే డయల్ అయ్యేది ఇంకొకటి.

```html
<a href="tel:+447700900145">+44 7700 900123</a>
```

ఇక్కడ కనిపించేది 123తో, డయల్ అయ్యేది 145తో ముగుస్తున్నాయి. సిగ్నేచర్ ఎడిటర్‌లో అంకెల మీద కర్సర్ పెట్టి దిద్దితే పై అక్షరాలే మారతాయి, లోపలి లింకు పాతదే ఉంటుంది. పక్కవాళ్ల సిగ్నేచర్ కాపీ చేసుకుని పేరు, నంబరు మార్చుకున్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వాళ్ల సిగ్నేచర్‌లో నంబరు నొక్కితే ఆ పక్క మనిషికి ఫోన్ పోతుంది! మెయిల్ అడ్రసు లింకు సంగతీ ఇంతే, అక్కడ `mailto:` ఉంటుంది.

నంబరు మీద మౌస్ ఆనించి లింకు ఎక్కడికో చూడండి, లేదా లింకు పూర్తిగా తీసేసి మళ్లీ పెట్టండి. లింకు లోపల ఖాళీలు లేకుండా ప్లస్‌తో మొదలుపెట్టి అంకెలే రాయాలి. ఎక్స్‌టెన్షన్ ఉంటే చివర `;ext=214` అని చేర్చొచ్చు, కానీ అన్ని ఫోన్లూ దాన్ని పట్టించుకోవు. అందుకని పైకి కనిపించే చోట "ఎక్స్‌టెన్షన్ 214" అని మాటల్లో కూడా రాయాలి.

అందరి నంబర్లూ ఎక్సెల్‌లో తెరిస్తే `4.42E+11` అని వస్తోంది. నంబర్లు పోయినట్టేనా?

సేవ్ చేయకపోతే పోలేదు. సీఎస్‌వీ ఫైలుని రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ నంబరుని లెక్కల అంకెగా భావిస్తుంది. ప్లస్ గుర్తు పోతుంది, ముందున్న సున్నా పోతుంది, పొడవైనవి ఈ పొట్టి రూపంలో కనిపిస్తాయి. ఆ స్థితిలో మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపిస్తున్న `4.42E+11` ఫైలులోకి ఎక్కుతుంది, అసలు అంకెలు ఇక దొరకవు. అందుకే దించుకున్న అసలు ఫైలుని ముట్టుకోకుండా ఒక కాపీ దాచుకోండి. తెరిచేటప్పుడు ఎక్సెల్‌లోని Data మెనూలో From Text/CSV ద్వారా తెచ్చి, Transform Data నొక్కి, నంబర్ల వరుసని Text గా ఎంచుకోండి.

## చుక్కలు, కామాలు, గీతలు

హోదా పక్కన ఒంటరిగా `|` గీత వేలాడుతోంది. నేను పెట్టలేదు, ఎక్కడిది?

అది టెంప్లేట్‌ది. సర్వర్ అంటించే సిగ్నేచర్‌లో ఒక అచ్చు ఉంటుంది. అందులో ఖాళీ గడుల పేర్లు, వాటి మధ్య గీతలూ కామాలూ రాసి ఉంటాయి. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌లో అయితే ఇలా:

```
%%DisplayName%%, %%Title%% | %%Department%%
Mobile: %%MobileNumber%%
```

మెయిల్ వెళ్లేటప్పుడు సర్వర్ ఆ పేర్ల స్థానంలో డైరెక్టరీలోని సమాచారం నింపుతుంది. మీ విభాగం గడి ఖాళీగా ఉంటే ఆ చోటు ఖాళీ అవుతుంది, పక్కనున్న గీత మాత్రం ఎక్కడికీ పోదు. మొబైల్ నంబరు లేనివాళ్లకి `Mobile:` అన్న మాట ఒంటరిగా మిగులుతుంది. `info` లాంటి ఉమ్మడి మెయిల్‌బాక్సు పేరుతో పంపినప్పుడు హోదా, విభాగం రెండూ ఉండవు కాబట్టి కామా, గీత కలిసి పేరు పక్కన తోకలా కనిపిస్తాయి.

ఒక్కరికే ఇలా ఉంటే డైరెక్టరీలో ఖాళీ గడి నింపితే చాలు. చాలామందికి ఉంటే అచ్చునే మార్చాలి. గడుల మధ్య విరామ చిహ్నం పెట్టకుండా ఒక్కో గడినీ ఒక్కో లైనులో ఉంచడం అన్నిటికన్నా నిక్కచ్చి మార్గం. ఖాళీ అయితే ఒక లైను ఖాళీ అవుతుంది అంతే, చెత్త మిగలదు. `Mobile:` లాంటి ముందుమాట తప్పదనుకుంటే సర్వర్‌లో రెండు రూల్స్ రాసుకోవాలి: మొబైల్ ఉన్నవాళ్లకి ఒకటి, లేనివాళ్లకి ఇంకొకటి. ఉమ్మడి మెయిల్‌బాక్సులకి మూడోది, పేరూ ఆఫీసు నంబరు మాత్రమే ఉండేది.

మెయిల్‌లో `%%Title%%` అన్న అక్షరాలే కనిపిస్తే అది వేరే కథ. ఎవరో అచ్చుని కాపీ చేసి తమ ఔట్‌లుక్ సిగ్నేచర్‌లో అతికించుకున్నారు. అక్కడ వాటిని నింపే నాథుడు లేడు.

లైను చివర కామా గానీ చుక్క గానీ పెట్టాలా?

అక్కర్లేదు. ఉత్తరం మీద అడ్రసు రాసేటప్పుడు లైను లైనుకీ కామా పెట్టి, చివర చుక్క పెట్టడం నేర్చుకున్నాం, ఆ అలవాటు ఇక్కడికీ వచ్చింది. సిగ్నేచర్‌లో లైను విరగడమే విరామం. మెయిల్ అడ్రసు, వెబ్ చిరునామా తర్వాత చుక్క అయితే అసలే వద్దు. కొన్ని యాప్‌లు ఆ చుక్కని కూడా లింకులో కలిపేసుకుంటాయి, కాపీ చేసుకునేవాళ్లు దాన్ని కూడా పట్టుకెళ్తారు. ఇంటిపేరు పొడి అక్షరం తర్వాత చుక్క మీ ఇష్టం, కాకపోతే ఆఫీసంతా ఒకే తీరు పాటించాలి.

నంబరు చూడ్డానికి బాగానే ఉంది, కాపీ చేసి అతికిస్తే తీసుకోవడం లేదు. కారణం?

కంటికి కనిపించని అక్షరం ఏదో అందులో ఉంది. వర్డ్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసినప్పుడు మామూలు ఖాళీ బదులు విరగని ఖాళీ, డ్యాష్ బదులు దాన్ని పోలిన పొడవు గీత వస్తాయి. కొన్ని కాంటాక్ట్ లిస్టుల నుంచి తెచ్చిన నంబర్లకి ముందూ వెనకా రాత దిశని చెప్పే గుర్తులు అంటుకుని ఉంటాయి, వాటికి ఆకారమే ఉండదు.

చిన్న పరీక్ష: కర్సర్‌ని నంబరు ముందు పెట్టి బాణం కీతో ఒక్కో అక్షరం దాటండి. ఎక్కడైనా కీ నొక్కినా కర్సర్ కదలకపోతే అక్కడ ఒకటి దాక్కుని ఉంది. చాలా నంబర్లుంటే టెక్స్ట్ ఎడిటర్‌లో ఈ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతకండి. అంకె, ప్లస్, మామూలు ఖాళీ కాని ప్రతిదాన్నీ ఇది చూపిస్తుంది:

```
[^0-9+ ]
```

దొరికినదాన్ని తుడవడానికి ప్రయత్నించకుండా నంబరు మొత్తం చెరిపి చేత్తో టైప్ చేయడమే నాకు తేలిగ్గా అనిపిస్తుంది.

సిగ్నేచర్ పైన రెండు డ్యాష్‌లు ఉన్నాయి. అవి కూడా చెత్తేనా?

కాదు, ఉండనివ్వండి. రెండు డ్యాష్‌లు, ఒక ఖాళీ, ఆ తర్వాత లైను మార్పు: సాదా టెక్స్ట్ మెయిల్‌లో ఇక్కడి నుంచి సిగ్నేచర్ మొదలు అని చెప్పే గుర్తు ఇది. ఆర్‌ఎఫ్‌సీ 3676 అనే ప్రమాణంలో రాసి ఉంది. థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాములు దీన్ని చూసి సిగ్నేచర్‌ని పలచని రంగులో చూపిస్తాయి, రిప్లై ఇచ్చేటప్పుడు వదిలేస్తాయి. చివరి ఖాళీ పోయినా, ఆటోకరెక్ట్ ఆ రెండు డ్యాష్‌లని ఒక పొడవు గీతగా మార్చినా ఆ గుర్తు పనిచేయదు, అప్పుడది నిజంగానే చెత్త.

## మొత్తం సరిచేసేటప్పుడు

అన్ని తప్పులూ ఉన్న ఒక సిగ్నేచర్‌ని మొదటి నుంచి చివరి దాకా ఎలా బాగుచేస్తారో చూపిస్తారా?

ఇదిగో, ఒక కల్పిత సిగ్నేచర్. ఇలాంటివి నా దగ్గరికి రోజూ వస్తాయి:

```
K. Sample ,
Asst. Mgr - Purchase | ,
Ph: +44 (0)20 7946 0958/07700-900123.
Email : sample@example.com.
```

మొదట హోదా. డైరెక్టరీ తెరిస్తే `Manager` అని ఉంది. హెచ్‌ఆర్‌ని అడిగితే నాలుగు నెలల క్రితమే మారిందన్నారు. అంటే డైరెక్టరీది సరైనది, సిగ్నేచర్‌ది పాత కాపీ. విభాగం పేరు డైరెక్టరీలో `Purchasing`, మనిషి రాసుకున్నది `Purchase`. డైరెక్టరీ మాటే తీసుకున్నాం. హోదా తర్వాతున్న గీత, కామా చూస్తే ఇది ఒకప్పుడు సర్వర్ అచ్చు నుంచి వచ్చిన మెయిల్‌ని కాపీ చేసుకున్నదని తెలిసిపోతుంది: ఆ గీత తర్వాత ఉండాల్సిన గడి అప్పుడు ఖాళీ.

తర్వాత నంబర్లు. మొదటిదానిలో బ్రాకెట్, సున్నా తీసేశాం. రెండోది దేశంలోపలి రూపంలో ఉంది, ముందున్న సున్నా తీసి `+44` చేర్చాం. ఇక్కడితో ఆగకుండా రెండు నంబర్లకీ ఫోన్ చేశాం. డెస్క్ నంబరు ఇప్పుడు వేరే మనిషి టేబుల్ మీద మోగింది. దాన్ని తీసేశాం. ఏ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనూ ఈ తప్పు పట్టుకోలేదు. ఫోన్ చేసి చూడటం ఒక్కటే మార్గం.

చివరికి కామాలు, చుక్కలు. పేరు తర్వాత ఖాళీతో సహా కామా, నంబరు చివర చుక్క, `Email` పక్కన విడిపోయిన కోలన్, అడ్రసు చివర చుక్క. మెయిల్ వచ్చిందంటేనే అడ్రసు తెలుసు కాబట్టి ఆ లైను మొత్తం తీసేశాం.

```
K. Sample
Manager, Purchasing
+44 7700 900123
```

హోదా, విభాగం మధ్య కామా ఉంచాం. ఇది మనిషి చేత్తో రాసుకున్నది, రెండు గడులూ నిండి ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఆ కామాకి పనుంది. నంబరు పైకి కనిపించేదీ, లోపలి లింకూ ఒకటేనా చూశాం. ఫోన్ యాప్‌లో కూడా ఇదే పెట్టించాం.

ఆఫీసులో అందరివీ సరిచేయాలి. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సిగ్నేచర్ల దగ్గర కాదు, డైరెక్టరీ దగ్గర. అక్కడ తప్పుంటే అచ్చు ఎంత అందంగా చేసినా ఆ తప్పే అందరికీ చేరుతుంది. యాక్టివ్ డైరెక్టరీ ఉంటే పవర్‌షెల్‌లో ఈ ఆదేశంతో జాబితా దించుకోవచ్చు:

```powershell
Get-ADUser -Filter 'Enabled -eq $true' -Properties Title,Department,OfficePhone,MobilePhone |
  Select-Object Name,Title,Department,OfficePhone,MobilePhone |
  Export-Csv users.csv -NoTypeInformation -Encoding UTF8
```

తర్వాత హోదాలని లెక్కపెట్టండి:

```powershell
Import-Csv users.csv | Group-Object Title | Sort-Object Count
```

ఒక్కరికే ఉన్న హోదాలు పైకి వస్తాయి. వాటిలో కొన్ని నిజంగా ఒక్కరికే ఉండేవి. మిగతావి అక్షర దోషాలు, చివర ఒక ఖాళీ ఎక్కువైనవి, ఎవరో సొంతంగా కట్టుకున్న పేర్లు. ఈ జాబితా హెచ్‌ఆర్‌కి ఇచ్చి ఏది ఏదో తేల్చమనాలి, మనం ఊహించి దిద్దకూడదు. నంబర్ల వరుసలో ఈ రూపానికి సరిపోనివన్నీ విడిగా తీయండి:

```
^\+[1-9][0-9 ]+$
```

విడిగా వచ్చినవాటిని చేత్తోనే చూడండి. ముందున్న సున్నా తీయాలా వద్దా, చివరి మూడంకెలు ఎక్స్‌టెన్షనా కాదా అన్నది ఒక్కో నంబరుకీ ఒక్కోలా ఉంటుంది.

ఎవరికి వాళ్లే సరిచేసుకోమని అందరికీ ఒక మెయిల్ పెడితే చాలదా?

కొందరు చేస్తారు. చేసినవాళ్లు కొత్త మెయిల్ సిగ్నేచర్ మారుస్తారు, ఫోన్ సంగతి మరిచిపోతారు. ఆ మెయిల్‌లో "ఇలా ఉండాలి" అని నమూనా పెడితే దాన్ని కాపీ చేసుకుంటారు, లింకు లోపల నమూనా నంబరే ఉండిపోతుంది. అందుకే నమూనా పంపేటప్పుడు లింకులు లేకుండా సాదా అక్షరాల్లో పంపండి, పక్కన వాళ్ల డైరెక్టరీ వివరాలు కూడా పెట్టి "ఇవి తప్పైతే రిప్లై ఇవ్వండి" అని అడగండి. సిగ్నేచర్ మార్చుకోకపోయినా తమ హోదా తప్పుగా ఉందంటే మాత్రం ఎవరూ ఊరుకోరు, వెంటనే రిప్లై వస్తుంది.

సర్వర్ అంటించే సిగ్నేచర్ నా మాట కింద కాకుండా మొత్తం గొలుసు అడుగున పోగవుతోంది. మార్చొచ్చా?

ఎక్స్ఛేంజ్‌లోని మామూలు రూల్‌తో కుదరదు. అది మెయిల్ మొత్తానికి చివర అంటిస్తుంది, మీ రిప్లై ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు. మీరు నాలుగుసార్లు రిప్లై ఇస్తే నాలుగు సిగ్నేచర్లు అడుగున వరసగా కూర్చుంటాయి, మధ్యలో హోదా మారి ఉంటే రెండు రకాలవి. మెయిల్‌లో ఫలానా మాట ఇప్పటికే ఉంటే అంటించొద్దు అని రూల్‌కి ఒక మినహాయింపు పెట్టొచ్చు. సిగ్నేచర్‌లో మాత్రమే ఉండే వాక్యాన్ని ఆ మాటగా ఎంచుకోండి. కంపెనీ పేరుని ఎంచుకుంటే ఆ పేరు ఎక్కడో ఒకచోట రాసిన ప్రతి మెయిల్‌కీ సిగ్నేచర్ ఆగిపోతుంది. ఈ మినహాయింపు వల్ల గొలుసులో మొదట అంటించినవాళ్ల సిగ్నేచర్ ఒక్కటే ఉంటుంది, తర్వాత రిప్లై ఇచ్చిన సహోద్యోగిది పడదు. అది కూడా కావాలంటే సిగ్నేచర్‌ని సర్వర్ నుంచి కాకుండా ఒక్కొక్కరి మెయిల్ ప్రోగ్రామ్‌లోనే పెట్టాలి.